ట్వీటరు కాలిపోయిన పెట్టె

నా కొట్టుకొచ్చి రోగం పేరు వాళ్ళే చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ బస్సు డ్రైవరు స్పీకరు పెట్టెను బల్లమీద దించుతూనే, "ట్వీటరు పోయిందమ్మా, కొత్తది వేసెయ్యండి" అన్నాడు. "డాక్టరు మీరా, నేనా?" అనేశాను. ఆయన నవ్వలేదు. వెనకే వచ్చిన భార్య పెట్టె వంక కూడా చూడలేదు.

నాదో పద్ధతి ఉంది. ఎవరి పెట్టెనైనా వాళ్ళు రోజూ వినే పాటతోనే పరీక్షిస్తాను. అలవాటైన పాటలోనే ఏం తగ్గిందో మనిషికి తెలుస్తుంది. ఆయన తన ఫోను ఇచ్చాడు. తీగ తగిలించి పెట్టాను. ఇంట్లో రికార్డు చేసిన ఓ చిన్నపిల్ల గొంతు. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టుంది.

"మా అమ్మాయి. పోయినేడాది పోయింది" అన్నాడు.

నా నోటి దురుసుకు నాకే సిగ్గేసింది. పనిలో పడ్డాను. తీగ మార్చాను, ఆంప్లిఫయరు మార్చాను, తేడా లేదు. చెవి పెట్టి విన్నాను. కింది పెద్ద కోను బాగానే పలుకుతోంది. సన్నని శబ్దాలు పలికించే, పైన చిన్న బుడిపెలా ఉండే ట్వీటరులో చడీచప్పుడూ లేదు. విప్పి మీటరు పెడితే ముల్లు కదల్లేదు. లోపలి సన్నటి తీగచుట్ట, అదే కాయిలు, తెగిపోయింది, కమురు వాసన కూడా వస్తోంది.

"ఎవరో సౌండు చివరికంటా తిప్పేశారు. ఆంప్లిఫయరు తట్టుకోలేక గరగరలాడి ఉంటుంది. ఆ దెబ్బ ముందు ట్వీటరుకే తగులుతుంది" అన్నాను.

"నేను తిప్పలేదమ్మా" అన్నాడాయన. ఆవిడ గోడకేసి చూసింది.

లోపలి మిగతా సరుకు బాగుందో లేదో తేల్చడానికి, అవే తీగలకు నా దగ్గరున్న ట్వీటరు ఒకటి తగిలించి పాట మళ్ళీ పెట్టాను. గుడ్డ తొలగిపోయింది. పిల్ల ఎదురుగా నిలబడి పాడుతున్నట్టే ఉంది. చరణం చివర ఊపిరి తీసుకుంది చూడండి, అప్పుడు వినిపించాయి పిల్లికూతలు. ఆయాసం! ఆ వెంటనే ఈ డ్రైవరు గొంతే: "ఇంకొక్కసారి పాడు తల్లీ, బాగా వస్తోంది."

తలెత్తి చూశాను. పిల్ల ఊపిరి తీస్తే ఆయన తీస్తున్నాడు. పిల్లకు అందకపోతే ఆయనకీ అందడం లేదు. చేతులు బల్ల అంచును పట్టుకుని తెల్లబడిపోయాయి. గబుక్కున ఆపేశాను. మంచినీళ్ళు తాగొస్తానని ఆయన బయటికి వెళ్ళాడు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నీకు పుణ్యముంటుంది, బాగుచెయ్యకమ్మా. అది కాల్చింది నేనే. ఆయన లేనప్పుడు ఏదో గోల పాట పెట్టి, కమురు వాసన వచ్చేదాకా వదిలేశాను. రోజూ దాని ముందు కూర్చుని ఇలాగే చేస్తున్నారు. మొన్న బస్సు నిండా జనాన్ని పెట్టుకుని, ఊపిరాడక రోడ్డు పక్కన ఆపేశారట. డాక్టరేమో ఊపిరితిత్తులు రాయిలా గట్టిగా ఉన్నాయి, ఏ జబ్బూ లేదన్నాడు."

అబద్ధమాడితే పోయేదేముంది, ఒక ప్రాణం నిలబడుతుందనుకున్నాను. ఆయన రాగానే, నా ట్వీటరు తీసేస్తూ, "ఈ కంపెనీ సరుకు ఇప్పుడు దొరకడం లేదండీ. వేరేది పరీక్షకు పనికొస్తుంది గానీ ఈ పెట్టెలో అతకదు. ఇలాగే వినండి" అన్నాను. సొరుగులో దానికి సరిపోయే కాయిలు ఉంది. మోకాలితో సొరుగు మూశాను.

ఆయన బతిమాలలేదు. "సరే. ఉన్నదే ఒకసారి పెట్టండి" అన్నాడు.

పెట్టాను. మళ్ళీ గుడ్డ చాటు గొంతు. చరణం చివర ఏమీ లేదు, నేను చెవులు రిక్కించి విన్నాను, ఏమీ లేదు. ఆయన చచ్చిన ట్వీటరుకు చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా పిల్ల ఊపిరి తీసుకునే ఆ చోటే ఆయన ఛాతీ ఎగిసింది. సన్నగా పిల్లికూత వినిపించింది. స్పీకరులోంచి కాదు. ఆయన గొంతులోంచి.

పాట ఆపేశాను. ఆయన చెవి తియ్యలేదు. ఊపిరి తీస్తూనే ఉన్నాడు, అదే వరసలో, అదే ఆయాసంతో, ఒక చరణం అయ్యాక ఇంకో చరణం. పెదవులు నీలంగా మారుతున్నాయి.

"ఏమండీ! పాట అయిపోయిందండీ!" అంటూ ఆవిడ భుజం పట్టి కుదిపింది. ఆయనకు వినపడలేదు.

సొరుగు లాగి కాయిలు బల్లమీద పడేశాను. "డ్రైవరుగారూ! సరుకుంది, నేను అబద్ధమాడాను!" అని అరిచాను. నా ట్వీటరు తీగలకు అంటించి పాట పెట్టాను. పిల్ల గొంతు తేటగా లేచింది. ఆయన కళ్ళు తెరిచాడు. చరణం చివర ఆ ఊపిరి వచ్చిన చోట, టక్కున స్విచ్చు ఆపాను.

ఆయన కూడా ఆగాడు. తర్వాత తన సొంత ఊపిరి ఒకటి, పొడుగ్గా, తీసుకున్నాడు.

ఆవిడ కొంగుతో ఆయన ముఖం తుడిచింది. నా వైపు తిరిగి, "వేసెయ్యమ్మా. స్విచ్చు నా చేతిలో ఉంచుకుంటాను" అంది.