మొండి ఫోను

"నువ్విచ్చిన ఫోను కూడా నీలాగే మొండిదే!" అంటూ అత్తగారు సిగ్నల్ లేని ఫోనుకు రెండు దెబ్బలు వేసింది.

కోడలికి ఒళ్లు మండింది. అయినా తన ఫోను తీసి చూసింది. అందులోనూ సిగ్నల్ లేదు. పక్కవాటా దర్జీదీ అదే కంపెనీ సిమ్ము, అతనిదీ అదే గతి. ఎదురుగా మందుల షాపులో వేరే కంపెనీ సిమ్మున్న ఫోను మాత్రం చక్కగా మోగుతోంది. "అయితే తప్పు ఫోనుది కాదు" అనుకుని, ఆ షాపు ఫోనే అడిగి పుచ్చుకుని తన సిమ్ము కంపెనీకి ఫిర్యాదు చేసింది.

"మీ వీధి నుంచి మీదే మొదటి ఫిర్యాదండీ. టవరు చూడ్డానికి మనిషిని పంపుతాం" అన్నారు అవతల. పొద్దుటి నుంచీ వీధి వీధంతా ఎవరి ఫోన్లను వాళ్లు తిట్టుకుంటూ కూర్చుంది మరి!

సాయంత్రానికి సిగ్నల్ వచ్చింది. అత్తగారు కూతురికి ఫోన్ చేసి, వంటింట్లోని కోడలికి వినిపించే మేరకే గొంతు తగ్గించింది.

"మా కోడలు మొండిదేనే. టవరునే దారికి తెచ్చింది!"