ఎనభై కిలోమీటర్ల దూరంలో

తమ్ముడు ఆదెయ్య మొహం కడసారి చూడాలన్నదే పున్నమ్మ ఆరాటం. సింగరాయకొండలో మూడింటికి సమాధి. ఆమెను కారులో తీసుకెళుతున్నవాడు నతానియేలు, ఆమె చనిపోయిన చెల్లెలి భర్త.

గుంటూరులో బయలుదేరేటప్పుడు కారు నూట డెబ్బై కిలోమీటర్లు పోగలనని చూపింది. దూరం నూట నలభై పైచిలుకు. డెబ్బై వేగం దాటకపోతే ఎక్కడా చార్జింగుకు ఆగక్కర్లేదని అతను లెక్క వేసుకున్నాడు.

"లారీలు కూడా మనల్ని దాటిపోతున్నాయి కదయ్యా. కాస్త తొక్కు!"

"తొక్కితే బ్యాటరీ ఊడ్చుకుపోద్ది వదినా."

"పోతే పోనీ. వాణ్ణి ఎత్తుకు పెంచింది నేను."

అతను కాలు గట్టిగా నొక్కాడు. వేగం నూరు దాటింది. ఎదురుగాలి, లోపల ఏసీ. పత్తి చేలు వెనక్కి పోతున్నకొద్దీ తెర మీది అంకె అంతకంటే తొందరగా పడిపోయింది. మార్టూరు దగ్గరికొచ్చేసరికి మిగిలింది అరవై. పోవాల్సింది ఎనభైకి పైనే.

చార్జింగ్ స్టేషన్‌లో కారుకు తగిలించే రెండు గన్నుల్లో ఒకటి పనిచేయడం లేదు. రెండోది ఒక టాక్సీకి తగిలించి ఉంది. దాని డ్రైవరు బుడాన్ రేకుల నీడలో అన్నం తింటున్నాడు. సంగతి వినగానే చెయ్యి కడుక్కుని లేచాడు.

"ఎనభై శాతం అయింది సార్. ఇక పైన చార్జింగ్ ఎలాగూ నత్తనడకే. మీరు పెట్టుకోండి."

కారుకు గన్ను తగిలించారో లేదో, ఆదెయ్య కొడుకు మార్క్ ఫోను.

"అత్తా, ఎక్కడున్నారు? రెండు దాటిపోయింది. మీ కోసమే పెట్టె మూత వెయ్యకుండా ఆపాం."

"ఐసు పెట్టెలోనే ఉన్నాడా?"

"లేదత్తా. చర్చికి తెచ్చేటప్పుడే చెక్క పెట్టెలోకి మార్చేశాం."

పున్నమ్మ చార్జరు వైపు చూసింది. ఇంకా ఇరవై నిమిషాలు. ఆపైన గంటకు పైగా ప్రయాణం. బయట తారు మెత్తబడే ఎండ.

"అయితే మూసెయ్యండ్రా. వాణ్ణి ఈ ఎండలో ఆపొద్దు."

"ఫోన్లో చూపించనా?"

"వద్దు. నేను ఎరిగిన మొహం నా దగ్గరుంది."

ఫోను పెట్టేసి, కారు అద్దానికి నుదురు ఆనించి ఏడ్చింది. బుడాన్ నీళ్ల సీసా తెచ్చి ఆమె పక్కన పెట్టి తన టాక్సీ ఎక్కాడు.

కారు మళ్లీ కదిలాక అంది, "ఇక నిమ్మళంగా పోనీ."

వాళ్లు చేరేసరికి గుంత పూడ్చడం దాదాపు అయిపోయింది. తల వైపు మాత్రం జానెడు పల్లం వదిలేసి, మనుషులు పారల మీద ఆనుకుని ఎండలో నిలబడి ఉన్నారు.

"నీ పిడికెడు మట్టి కోసం, అత్తా," అన్నాడు మార్క్.

ఆమె మట్టి వేసి, దాన్ని అరచేత్తో మెల్లగా జోకొట్టింది.

చెప్పులు విప్పడం మరిచిపోయానని గుర్తొచ్చి, వాటిని పెట్టడానికి నతానియేలు కారు దగ్గరికి వచ్చాడు. తెర ఇంకా వెలుగుతోంది. ఇంకా అరవై కిలోమీటర్లు పోగలనని చూపుతోంది; మార్టూరులో అంతసేపు ఆగక్కర్లేకపోయింది. అది ఆరిపోయేదాకా దాన్ని అరచేత్తో కప్పి ఉంచాడు, ఆమె వచ్చి చూడకుండా.