ఒక్కొక్కరం ఒక్కసారే

దుర్గాప్రసాద్ మా చెల్లెలు గురవమ్మ కొడుకు. పెదకాకాని దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆపరేటరు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోను నోరు కట్టేసేవాడు. ధరల గ్రూపులు, పెళ్లిళ్ల గ్రూపులు, మామూలు కాల్స్ ఏవీ మోగవు. వచ్చినట్టు తెర మీద కూడా కనబడవు. గదుల్లో చలి తగ్గితే హెచ్చరించే యాప్ మాత్రం మోగుతుంది. స్టార్ పెట్టిన మూడు నంబర్లు మోగుతాయి: మేనేజరు, తోటి ఆపరేటరు గౌస్ బాషా, వాళ్ల అమ్మ గురవమ్మ.

మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి గురవమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. ఆటోలో గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆమె ఫోను ఇంట్లో ఛార్జింగుకి పెట్టి ఉంది, ఎవరికీ గుర్తు రాలేదు. మంచం మీద ప్రసాదేడని రెండుసార్లు అడిగింది.

ప్రసాద్ భార్య మాధవీలత తన ఫోను నుంచి వాడికి చేసింది. మా తమ్ముడు పిచ్చయ్య, పక్కింటి కోటేశ్వరి, నేను, అందరం చేశాం. ఒకరికి ఎత్తకపోతే ఇంకొకరు, ఎవరి ఫోను నుంచి వాళ్లం ఒక్కోసారి. ఆఫీసు నంబరు ఎవరి దగ్గరా లేదు. చివరికి పిచ్చయ్య కొడుకు బాలు బండి మీద వెళ్లాడు.

ఆ సమయంలో మూడో గదిలో చలి తగ్గుతోందని యాప్ మోగిందట. కంప్రెసరు ట్రిప్పయి ఆగిపోయింది. ప్రసాద్ రెండోది ఆన్ చేసి, గదిలో మళ్లీ చల్లబడేదాకా అక్కడే నిలబడ్డాడు. మిరపకాయలకి ఏమీ కాలేదు. బాలు గేటు దగ్గరికి చేరేసరికి ఇక్కడ అయిపోయింది.

ప్రసాద్ వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఏడవలేదు. ఫోను తీసి మిస్డ్ కాల్స్ చూశాడు. పదకొండు. పదకొండు మందివి.

"అదేంట్రా, నేనూ చేశానుగా, మోగలేదా?" అన్నాను.

"ఒకే నంబరు నుంచి పదిహేను నిమిషాల్లో రెండోసారి వస్తే మోగుతుంది పెద్దమ్మా. అలాగే పెట్టుకున్నా."

బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. మిషన్ల మధ్య ఉంటాడు, మాటిమాటికీ చేస్తే కంగారుపడతాడని నేను ఫోను ఒళ్లో పెట్టుకుని గంటన్నర కూర్చున్నాను. ఆ సంగతి వాడితో చెప్పలేదు.

పెద్దకర్మ అయ్యాక, డ్యూటీకి వెళ్లే ముందు రోజు, నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. స్టార్ పెట్టిన నంబర్లలోంచి తల్లిది తీయలేదు. దాని కింద మాధవీలతదీ నాదీ చేర్చాడు. చంద్రవంక గుర్తు నొక్కి ఫోను నోరు కట్టేశాడు.

"ఒకసారి చెయ్యి పెద్దమ్మా, చూద్దాం."

చేశాను. వాడి చేతిలో మోగింది. వాడు ఎత్తలేదు, నేను ఆపలేదు. దానంతట అది ఆగిపోయేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.