మూడో సీసాలో మేకు

కంబదూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. పిల్లలు నన్ను చూసి భయపడితే పాఠం బాగా ఎక్కుతోందని మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెం ఎట్లా వదిలిందో చెప్తాను.

ఎనిమిదో తరగతి ఈశ్వరికి తుప్పు ప్రాజెక్టు ఇచ్చాను. గరుకు కాగితంతో రుద్దిన నాలుగు మేకులు, నాలుగు సీసాలు. మొదటి సీసాలో బోరు నీళ్ళు. రెండోదాంట్లో ఉప్పు నీళ్ళు. మూడోదాంట్లో బాగా మరగకాచిన నీళ్ళు, వేడి తగ్గకముందే పైన వేలు మందాన శెనక్కాయల నూనె. నీళ్ళలో కలిసిన గాలి కాగేటప్పుడు పోతుంది, నూనె మళ్ళీ గాలిని దిగనివ్వదు. నాలుగోదాంట్లో తేరుకున్న సున్నపు నీళ్ళు, గట్టి మూత.

"రోజూ పొద్దున చూడల్ల. చూసింది చూసినట్టే రాయల్ల" అని చెప్పింది నేనే.

దసరా సెలవులొచ్చాయి, సీసాలు వాళ్ళింటికి పోయాయి. అమ్మానాన్నలు కూలికి పోతే ఇంట్లో ఉండేది ఈశ్వరి, వాళ్ళవ్వ ఓబులమ్మ. పదిహేను రోజులు ఆ పిల్ల ఒక్క పూట తప్పకుండా రాసింది. జిల్లా సైన్సు ప్రదర్శనలో నెగ్గితే రాష్ట్రానికి పంపుతారు. కళ్యాణదుర్గం దాటి బస్సెక్కని పిల్లకు అదెంత ఆశో నాకు తెలుసు.

అనంతపురం పోయే ముందు రోజు నోటు బుక్కు తిరగేశాను. ఉప్పు నీళ్ళ మేకుకు అన్నిటికన్నా ఎక్కువ తుప్పు పట్టింది, బోరు నీళ్ళది దాని వెనక, సున్నపు నీళ్ళది మెరుస్తోంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరి పేజీలో మాత్రం, "మూడో సీసా. మేకు మీద ఎర్ర మచ్చలు. అడుగున కొంచెం పొడి" అని ఉంది.

"ఇదేం పాపా? నూనె పోసినావా లేదా?"

"పోసినా సార్. తర్వాత ఏమైందంటే..."

"తర్వాతా లేదు, గిర్వాతా లేదు! పుస్తకంలో తుప్పు పట్టదని ఉండాది. నీకొక్కదానికి పడతాదా?"

ఆ పేజీ చించి జేబులో పెట్టుకున్నాను. 'మార్పు లేదు' అని కొత్తగా రాయించాను. పాత మేకు తీసేసి కొత్తది వేయించి, పైన కాస్త నూనె పోయించాను. నేను ఇంటికి పోయే బస్సుకు టైమవుతోందని నీళ్ళు మార్చలేదు. ఈశ్వరి సీసాలు సంచిలో సర్దింది.

ప్రదర్శనలో మార్కులేసే మేడం ఒకామె సీసాలు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసింది. మూడో సీసా దగ్గర ఆగింది.

"మేకేమో తళతళలాడుతోంది. అడుగున ఎర్రపొడి ఎక్కడిదమ్మా?"

ఈశ్వరి నావైపు చూసింది. నేను గోడకున్న చార్టు సరిచేస్తున్నట్టు అటు తిరిగాను. నేను నోరు తెరిస్తే నా పరువు పోతుందనుకున్నాను. పోవాల్సింది అదే కదా.

"నేనే మేకు మార్చినా మేడం" అంది ఈశ్వరి.

మేడం తిట్టలేదు. "చూడనిది రాయకూడదు తల్లీ" అని పక్క బల్ల దగ్గరికి పోయింది.

తిరుగు బస్సులో చిల్లర కోసం జేబులో చెయ్యి పెడితే ఆ పేజీ చేతికొచ్చింది. వెనకవైపు కూడా రాసి ఉంది. నేను తిప్పి చూడనే లేదు.

"తొమ్మిదో రోజు, శుక్రవారం. దీపానికి నూనె లేదని అవ్వ మూడో సీసాలో నూనె గరిటెతో తీసింది. నేను చూసేసరికి నీళ్ళ మీద నూనె చుక్కలే ఉన్నాయి. మళ్ళీ పోయలేదు, ఏమవుతుందో చూద్దామని. పన్నెండో రోజు మచ్చ కనపడింది. తుప్పును ఆపింది కాచిన నీళ్ళు ఒక్కటే కాదు, నూనె కూడా అనుకుంటున్నాను."

నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత మంచి ప్రాజెక్టు నా చేతికి రాలేదు. దాన్ని నా చేత్తోనే చించాను. ముందు సీట్లో ఈశ్వరి సీసాల సంచి ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది.

మర్నాడు వాళ్ళింటికి పోయాను. ఓబులమ్మే ముందు మొదలుపెట్టింది.

"నేనే తీసినా సార్. మేకుకు నూనెందుకప్పా అనుకుంటి. నా వల్లనే పాప ఓడిపోయిందంట కదా."

"నీ వల్ల కాదవ్వా, నా వల్ల" అన్నాను. ఈశ్వరికి తప్పయిందని చెప్పాను. ఆ మేడంకీ జాబు రాశాను. ఫలితాలు అప్పటికే పైకి పోయాయని జవాబొచ్చింది.

"పోనీలే సార్" అంది ఈశ్వరి. అంతటితో తీరిపోయిందనుకున్నాను.

రెండేళ్ళకు ఈశ్వరి పదో తరగతికొచ్చింది. మొన్న ఆ తరగతికి మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు నీళ్ళలో మేకు వేసే ప్రయోగం పెట్టాను. పిల్లలంతా గాజు గొట్టం చుట్టూ మూగి మేకు మీద ఎర్రగా రాగి పట్టడం చూస్తున్నారు. ఈశ్వరి మాత్రం బెంచీలోనే కూర్చుని ఉంది, నోటు బుక్కు తెరిచి, పెన్ను మూత తీసి.

"చూడవా పాపా?"

"ఏం రావల్లనో మీరే చెప్పండి సార్" అంది. "రాసుకుంటా."