మూడు అంటే ఎంత

నేను ఒక కొలత టేపుని. పసుపు రంగు ఫైబరు నార, ముప్పై మీటర్ల పొడవు, చుట్టుకోవడానికి ఇనుప చక్రం, చివర పట్టుకోవడానికి ఒక కొక్కెం. నాకు ఒక పక్క మీటర్లు, రెండో పక్క అడుగులూ అంగుళాలూ అచ్చువేశారు. పుట్టిన నాటినుంచీ రెండూ నా ఒంటిమీదే ఉన్నాయి. నేను ఏనాడూ ఒకదాన్ని ఇంకొకటి అనుకోలేదు. ఆ పని మనుషులు చేశారు. చేసి, ఆ నింద నామీద వేశారు. అందుకే ఈ మాటలు నెమ్మదిగా చెప్పలేకపోతున్నాను.

నన్ను కర్మాగారంలో చల్లబరిచి, రంగు పూసి, చుట్టి, అట్టపెట్టెలో పెట్టి నంద్యాలలో ఒక హార్డ్‌వేర్ దుకాణానికి పంపారు. మొదట నన్ను కొన్నవాడు ప్లాట్లు అమ్మే బసిరెడ్డి. ఆయనకు నా అడుగుల పక్క తప్ప ఇంకో పక్క ఉన్నట్టే తెలియదు. అమ్మేటప్పుడు నన్ను వదులుగా పట్టేవాడు, కొనేటప్పుడు తెగేటట్టు లాగేవాడు. ఒకే స్థలం నా చేతిమీదుగా రెండు పొడుగులు పలికేది. నాకు నోరుండి ఉంటే అప్పుడే అరిచేదాన్ని. ఆయన చేతిలో నా అడుగుల అంకెలు సగం అరిగిపోయాయి. మీటర్ల పక్క మాత్రం కొత్తగా మెరుస్తూనే ఉండేది. ఆ వ్యాపారం మూతపడ్డాక సామానంతా ఒక సర్కారు ఇంజనీరింగు ఆఫీసుకు చేరింది. అందులో నేనూ ఒకదాన్ని.

అక్కడ నన్ను చేతిలోకి తీసుకున్న పిల్ల పేరు మాబున్ని. జూనియర్ ఇంజనీరు, ఉద్యోగంలో కొత్త. మొదటిరోజే నన్ను పూర్తిగా విప్పి, తడిగుడ్డతో రెండు పక్కలా తుడిచింది. అరిగిన అంకెలమీద నల్ల సిరాతో మళ్లీ గీతలు దిద్దింది. అంతకుముందు నన్ను తుడిచినవాళ్లు లేరు.

ఆ ఎండాకాలం మాకు చింతలమెట్టలో పని పడింది. ఆడపిల్లల హాస్టలు, రెండంతస్తులు. ఊరి బయట నల్లరేగడి చేను. మేము వెళ్లిన మరునాడు భూమిపూజ, ఆ వెంటనే జేసీబీ దిగుతుంది. అంతకుముందు పిల్లర్లు ఎక్కడ వస్తాయో నేలమీద సున్నంతో గుర్తు పెట్టాలి. ఆమె పై అధికారి, డి.ఇ. వరదరాజులు గారు డ్రాయింగు మాబున్ని చేతికిచ్చి, "గుర్తు పెట్టించమ్మా, కొత్తగా ఆలోచించే పనేం లేదు. అన్ని సంతకాలూ అయిపోయినాయి" అన్నారు.

కాంట్రాక్టరు ఓబుళరెడ్డి గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేస్త్రీ మద్దిలేటి నా కొక్కెం పట్టుకుని చేలోకి నడిచాడు. పిల్లరుకూ పిల్లరుకూ మధ్య పదమూడు అడుగులని ప్లానులో స్పష్టంగానే రాసుంది. నాలుగు మేకులు దిగాక, ఏ గుంత ఎంత వెడల్పు, ఎంత లోతు అని మద్దిలేటి అడిగాడు. మాబున్ని పునాదుల పట్టిక చూసింది. ప్రతి వరసలోనూ అవే అంకెలు. పొడవు ఐదు, వెడల్పు ఐదు, లోతు మూడు. పక్కన అడుగులని లేదు, మీటర్లని లేదు. షీటు అడుగున మాత్రం చిన్న అక్షరాల్లో "కొలతలన్నీ మీటర్లలో" అని ఉంది.

"ఐదడుగులు, మూడడుగుల లోతు. రాసుకో మద్దిలేటీ" అన్నాడు ఓబుళరెడ్డి గొడుగు కిందనుంచే.

మాబున్ని నన్ను రెండు మేకుల మధ్య లాగి పట్టుకుని, ఒకసారి అడుగుల పక్క, ఒకసారి మీటర్ల పక్క తిప్పి చూసింది. పదమూడు అడుగులంటే నాలుగు మీటర్లకు కొంచెం తక్కువ. ఐదు అనేది మీటర్లైతే ఒక పునాది పక్క పునాదిమీద ఎక్కి కూర్చోవాలి. అది జరిగే పని కాదు. కాబట్టి ఐదు అంటే అడుగులే. షీటు కింద రాసిన మాట అక్కడే అబద్ధమైపోయింది. ఇంతవరకూ ఎవరైనా వస్తారు. అందరూ అక్కడే ఆగిపోయారు కూడా. ఐదు అడుగులైనప్పుడు పక్కనున్న మూడు కూడా అడుగులే కదా అనుకున్నారు.

ఆమె ఆగలేదు. సంచిలోంచి మట్టి పరీక్ష రిపోర్టు తీసింది. ఈ చేలో బోరు వేసి మట్టి తీసి చూసినవాళ్లు రాసిన రిపోర్టు అది. పైనుంచి రెండున్నర మీటర్ల దాకా నల్లరేగడి, దాని కింద గట్టి గరుసు, పునాది మూడు మీటర్ల లోతున గరుసుమీద కూర్చోవాలి. అక్కడైతే భూమి ఎంత బరువు మోస్తుందో కూడా లెక్క ఇచ్చారు. ఆ లెక్కతోనే ఐదడుగుల వెడల్పు చాలని డిజైను చేసినవాళ్లు తేల్చారు. వెడల్పును తమకు అలవాటైన అడుగుల్లో రాశారు. లోతును మాత్రం రిపోర్టులోంచి ఉన్నదున్నట్టు ఎక్కించారు. ఒకే వరసలో రెండు అంకెలు అడుగుల్లో, ఒకటి మీటర్లలో. మూడు మీటర్లంటే నామీద తొమ్మిది అడుగుల పది అంగుళాలు. వీళ్లు తవ్వబోయేది మూడడుగులు.

"రెడ్డిగారూ, లోతు మూడు మీటర్లు" అంది మాబున్ని.

"మూడు మీటర్లా! హాస్టలు కడ్తాండామా, బావి తవ్వుతాండామా మేడమ్?"

మద్దిలేటి పకపకా నవ్వాడు. "నీళ్లు పడితే మంచిదేలే రెడ్డీ, పిల్లోళ్లకు బోరు ఖర్చు తప్పుతాది."

చుట్టూ ఉన్న కూలీలు కూడా నవ్వారు. ఆమె ముఖం ఎర్రబడింది కానీ నన్ను వదల్లేదు. ఫోను తీసి వరదరాజులు గారికి చెప్పింది. ఆయన గొంతు నాకు కూడా వినిపించింది. "ఆ వరసలో ఐదు అడుగులైతే మూడు మీటర్లు ఎట్లయితాదమ్మా? నలుగురు పెద్దవాళ్లు చూసి సంతకాలు పెట్టినారు. నువ్వొక్కదానివే చదువుకున్నావా?"

"వరస ఒకటే సార్, ఆ అంకెలు వచ్చిన చోట్లు వేరు. మీరొకసారి వచ్చి చూడండి సార్. మీరు వచ్చేదాకా గుంతలకు ముగ్గు పోయనియ్యను."

ఆ చివరి మాటకు గొడుగు కింద నవ్వు ఆగిపోయింది. ఓబుళరెడ్డి లేచి నిలబడ్డాడు. "పాపా, జేసీబీ మాట్లాడినా, పూజకు అయ్యవారికి చెప్పినా. నువ్వు ముగ్గు పోయనియ్యకపోతే ఆగుతాదనుకున్యావా?" అని, మద్దిలేటి చేతిలోంచి సున్నం తట్ట లాక్కుని తానే నాలుగు గీతలు పోశాడు. మాబున్ని చెప్పు విడిచి ఆ గీతను కాలితో చెరిపేసింది. నాకు చక్రం దాకా వణుకు పుట్టింది. ఉద్యోగంలో కొత్త పిల్ల, కాంట్రాక్టరు పోసిన గీతను కాలితో చెరిపింది!

వరదరాజులు గారు జీపు దిగేటప్పటికే కోపంగా ఉన్నారు. "ఏమమ్మా, నాకే పాఠం చెప్తావా?"

"పాఠం కాదు సార్. ఇక్కడికి రండి."

ఎండాకాలంలో నల్లరేగడి మీకు తెలియంది కాదు. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నోళ్లు తెరుస్తుంది. పునాది ఆ మట్టిలోనే ఆగిపోతే మట్టితోపాటు అదీ లేచి దిగుతుంది. అన్ని పిల్లర్లూ ఒకేలా లేచి దిగినా పోనీ అనుకోవచ్చు. అంచున ఉన్న మట్టి త్వరగా ఎండుతుంది, భవనం నడిమి కింద తేమ నిలుస్తుంది. ఒక పిల్లరు దిగుతుంది, దాని పక్కది నిలబడుతుంది. మధ్యలో ఉన్న దూలం విరుగుతుంది. దాని కింద మంచాలుంటాయి. ఆ మంచాలమీద పిల్లలుంటారు.

మాబున్ని ఇవేవీ చెప్పలేదు. మూల మేకు పక్కనే నేల పగిలి, చెయ్యి దూరేంత నెర్రె ఉంది. నా కొక్కేనికి మేస్త్రీ తూకంగుండు కట్టి, ఆ నెర్రెలోకి నన్ను వదిలింది. నేను చీకట్లోకి దిగాను. ఒక అడుగు. రెండు. పక్కల మట్టి గీసుకుంటోంది. మూడు. ఆ మూడో అంకె నేలమట్టం దాటి లోపలికి పోవడం పైనున్న అందరూ చూశారు. నేను ఇంకా దిగుతూనే ఉన్నాను. నాలుగూ దాటాక గుండు ఆగింది.

"సార్, మీరు పునాది ఆపమన్న లోతుకంటే ఈ నెర్రె లోతు ఎక్కువ" అంది మాబున్ని. "పునాది గాలిలో నిలబడతాదా సార్?"

వరదరాజులు గారు వంగి నా అంకె చదివారు. లేచి, దుమ్ము దులుపుకుని, డిజైను ఆఫీసుకు ఫోను చేసి స్పీకరు పెట్టారు.

"ఆ పట్టికలో లోతు మూడు అని రాసినారే, అది మూడు ఏంటి?"

అవతల గొంతు విసుక్కుంది. "మట్టి రిపోర్టు ప్రకారం పెట్టాం సార్. మీటర్లే. దాన్ని ఎవరైనా అడుగులనుకుంటారా?"

"మరి పక్కన ఐదు?"

"అది అడుగులు సార్." కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత ఆ గొంతు చిన్నగా, "పక్కన రాయడం మరిచిపోయినట్టున్నాం" అంది.

మరిచిపోయారట! సంతలో సంచి మరిచిపోయినట్టు!

డ్రాయింగు సరిదిద్దారు. ప్రతి అంకె పక్కనా అడుగులో మీటర్లో రాశారు. భూమిపూజ వాయిదా పడింది. తర్వాత జేసీబీ మూడు మీటర్లు తవ్వింది. అడుగున గరుసు ఖంగుమంది. ప్రతి గుంతలోకీ మాబున్ని నన్నే దింపి చూసింది. అక్కడితో అయిపోతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

లోతు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. పెరిగినదానికి కారణం రాయాలి. కారణం రాస్తే ఎవరిదో పేరు రాయాలి. డిజైను చేసినవాళ్ల పేరు రాయడం ఎవరికీ ఇష్టం లేదు. సంతకాలు పెట్టినవాళ్ల పేరు అసలే కుదరదు. అందరూ కూర్చుని, టీలు తాగి, దోషిని కనిపెట్టి ఇలా రాశారు. "రెండు రకాల కొలతలున్న పాత టేపు వాడడం వల్ల గందరగోళం ఏర్పడినది. అట్టి టేపులను వెంటనే తొలగించవలెను."

వరదరాజులు గారు మాబున్నిని సంతకం పెట్టమన్నారు. ఆమె చదివి కాగితం వెనక్కి తోసింది. "గుంత తవ్వకముందే, కాగితంమీదే దొరికిన తప్పు సార్ ఇది. టేపు ఆ కాగితాన్ని ఎప్పుడు తాకింది?"

"ఏందమ్మా, ప్రాణం లేని వస్తువు. దానికేమన్నా నొప్పా?"

"దానికి లేదు సార్. రేపు ఇట్లాంటి డ్రాయింగే ఇంకో ఊరికి పోతాది."

ఆమె సంతకం పెట్టలేదు. ఇంకెవరో పెట్టారు. నెల తిరగకుండానే ఆమెను దూరపు ఆఫీసులో, ఏ చేనూ కనబడని బల్ల దగ్గరికి బదిలీ చేశారు. నన్ను విరిగిన పారలతో, తుప్పు పట్టిన తట్టలతో కలిపి, ఆ హాస్టలు మెట్ల కింది గదిలోకే విసిరేశారు.

ఇక్కడికి వచ్చాక రెండు ఎండాకాలాలు గడిచాయి. బయట చేను ఎప్పటిలాగే నోళ్లు తెరిచింది. గోడమీద వెంట్రుకంత గీత కూడా పడలేదు. నా తలమీది మెట్లమీద ఆడపిల్లలు పొద్దుటిపూట బక్కెట్లతో దిగుతారు. జడపిన్ను పోయిందని కొట్లాడుకుంటారు, అన్నంలో రాళ్లొచ్చాయని వార్డెన్ని తిడతారు. తమ గోడలు ఎందుకు నిలబడ్డాయో వాళ్లకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

తెలియాల్సినవాళ్లకు తెలుసు. తెలుసు కాబట్టే నన్ను ఈ గదిలో పెట్టి తాళం వేశారు.