పాలు పొంగిన రోజు ఫొటో

“ఒక్క రూపాయి కూడా తిరిగి రాదే. సామాను రోడ్డు మీద, మనం సామాను మీద! సూడు, అదే జరుగుతాది,” అన్నాను తాళాలు గుప్పిట్లో బిగించి.

“ఆవిడింకా నోరే ఇప్పలేదు. నువ్వు అప్పుడే రోడ్డెక్కీసేవు,” అంది మా అమ్మాయి దుర్గాలక్ష్మి.

భయం ఎందుకుండదు? గవరపాలెంలోని ఈ కింది వాటాలో నాలుగేళ్ళున్నాం. ఇంటావిడ కరీమున్నీసా గారు కొడుకు మునీర్‌కి పెళ్ళి కుదిరిందని, వాటా ఖాళీ చెయ్యమన్నారు. కొత్త ఇల్లు దొరికింది కానీ, ఆ ఇంటాయన త్రినాధరావు సాయంత్రంలోగా ఇరవై వేలు అడ్వాన్సు ఇస్తేనే తాళం అన్నాడు. లేకపోతే వేరేవాళ్ళు కాచుకునున్నారట. ఆ సంగతి కరీమున్నీసా గారికి పొద్దున్నే చెప్పాం. మాకున్నదల్లా కరీమున్నీసా గారి దగ్గర ఉంచిన ముప్పై వేల అడ్వాన్సే. సామానంతా ఆటోలో ఎక్కించేశాం. ఆకాశం చూస్తే నల్లగా కమ్ముకొస్తోంది.

కరీమున్నీసా గారు మెట్లు దిగి వచ్చారు. వెనకే మునీర్ ఒక కాగితం తెచ్చి దుర్గాలక్ష్మి చేతిలో పెట్టాడు. మా అమ్మాయి పైకి చదివింది.

“ఇల్లంతా పెయింటింగు పన్నెండు వేలు. వంటగట్టు గ్రానైట్ పగులు ఏడు వేలు. వాష్‌బేసిన్ మూడు వేలు. పోగా ఇచ్చేది ఎనిమిది వేలు.”

గోడ పట్టుకున్నాను.

“బిల్లులేవి బాబూ?” అంది దుర్గాలక్ష్మి.

“పని అయ్యాక కదక్కా బిల్లులు! రేట్లు నాకు తెల్సు.”

దాని మోచెయ్యి గిల్లాను. “ఊరుకోవే. ఉన్నదైనా ఇత్తారు.”

ఊరుకుంటే అది నా కూతురెలా అవుతుంది? “బేసిన్ మాదే బాబూ. అమ్మ సేతిలోంచి బిందె జారి పడింది. కోసుకో, కానీ షాపు బిల్లు సూపించి కోసుకో. దేవుడి మూల గోడకి దీపం మసి పట్టింది, అదీ మాదే. ఆ గోడకయ్యే రంగు మేం ఇత్తాం. మిగతా గోడలంటావా, నాలుగేళ్ళకి ఎవరున్నా ఎలిసిపోతాయి. అది మేం సెడగొట్టింది కాదు. గ్రానైట్ పగులు మేం రాకముందే ఉంది.”

“ముందే ఉందని ఎవరు సూసేరు?” అన్నాడు మునీర్.

“పాలు పొంగించిన రోజు అన్ని గదులూ ఫొటోలు తీసేను కదా. ఆంటీకి పంపేను.”

“ఏదీ, సూపించు మరి.”

“నా ఫోను నీళ్ళ బకెట్లో పడి పాడైపోయింది. ఇది కొత్తది. ఇందులో ఇయ్యేళ పొద్దున్న తీసినవే ఉన్నాయి. పాతవి ఆంటీ ఫోన్లోనే ఉండాలి.”

తమకి నష్టం తెచ్చే ఫొటో తమ ఫోన్లో ఎవరైనా వెతికి చూపిస్తారా? ఎప్పుడో చెరిపేసి ఉంటే? లేదు పొమ్మంటే? ఆ రోజు నేనే దాన్ని తిట్టాను, పాలు పొంగుతుంటే దణ్ణం పెట్టుకోక బాత్‌రూముకి ఫొటోలేమిటే అని.

కరీమున్నీసా గారు కళ్ళజోడు పెట్టుకుని ఫోను తీశారు. వేలు పైకీ కిందకీ జరుగుతోంది. ఆవిడ ముఖంలో ఏమీ తెలియడం లేదు.

బయట హారన్ మోగింది. “అమ్మా, సినుకులు పడతన్నాయి! పరుపులు తడిసిపోతాయి. ఎక్కడికి పోవాలో సెప్పండి!” ఆటో సన్యాసిరావు కేక.

ఏం చెప్పను?

ఆవిడ వంటగదిలోకి నడిచారు. మేమూ వెళ్ళాం. ఫోనుని గట్టు దగ్గర పెట్టి, ఫొటోనీ గట్టునీ మార్చి మార్చి చూశారు. నేనూ తొంగిచూశాను. కొత్త గిన్నెలోంచి పాలు పొంగి గట్టు మీదికి జారుతున్నాయి. జారిన పాలు పొయ్యి దగ్గర్నుంచి సింకు దాకా సన్నటి తెల్ల గీతలా నిలిచాయి. ఇప్పుడు పగులున్నదీ సరిగ్గా అక్కడే.

ఆవిడ వేలు జరిపారు. తర్వాతి ఫొటోలో బేసిన్, చిన్న గీతైనా లేకుండా తళతళా మెరుస్తోంది. అయిపోయింది, దీనికి ఇంకెంత వేస్తారో అనుకున్నాను. మునీర్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. వాన పెద్దదైంది. ఆవిడ మళ్ళీ పాల ఫొటోకే వేలు జరిపారు.

“పాలు పగుల్లోకి దిగేయి, సూడు బేటా,” అన్నారు చివరికి. “గ్రానైట్ కొట్టెయ్. రంగు ఆ మసి గోడ ఒక్కదానికే రాయి. దానికీ బేసిన్‌కీ బిల్లులు తెచ్చి వీళ్ళకి సూపించి, అంతే కోసుకుని మిగతాది ఇద్దాం. ముందు ఇరవై వేలు ఇప్పుడే ఏసెయ్.”

తర్వాత నా వైపు తిరిగారు.

“రామాయమ్మా, ఎక్కడికి పోవాలో ఆ ఆటో అబ్బాయికి సెప్పమ్మా. తడిసిపోతన్నాడు.”