మూడు రోజుల నీళ్లు

తుర్కానా భాషలో వచ్చిన వాయిస్ మెసేజ్‌ని అక్షరాల్లో పెట్టిన కాగితం, కెన్యాలోని లోద్వార్‌ సహాయ సంస్థలో అనువాదకురాలు నవోయి బల్ల మీదికి పందొమ్మిదో తేదీన వచ్చింది. మాట్లాడింది బోరు కాపలాదారు ఎకిదోర్.

"పంపు ఆగిపోయిందమ్మా. ట్యాంకులో మూడు రోజుల నీళ్లే ఉన్నాయి. మెకానిక్‌ని పంపండి."

నవోయి అదంతా కంప్యూటర్లో ఇంగ్లీషులో పెట్టి, కింద పనుల పట్టికలో 'మెకానిక్‌ను పంపాలి' అని చేర్చింది. ఎకిదోర్ మెసేజ్ పంపింది నాలుగో తేదీన, కాబట్టి గడువు ఏడు. గడువు గడిలో ఏడో తేదీ టైపు చేయగానే గడి ఎర్రబడింది.

"దాటిపోయిన తేదీ తీసుకోదది. ఇవాళ్టి నుంచి లెక్కేసెయ్, ఇరవై రెండు," అన్నాడు పక్కసీటు ముతుకు.

"నీళ్లు కూడా ఇవాళ్టి నుంచి లెక్కేసుకుంటాయా?"

"గడువు లేని పనిని పైవాళ్లు చూడను కూడా చూడరు. నీ ఇష్టం."

ఇరవై రెండు కొట్టింది. గడి బుద్ధిగా తెల్లబడింది. ఎకిదోర్ నంబరుకు పొద్దుటి నుంచి ఆరుసార్లు ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు.